బెంగళూరులో ఇంటి డాబాపై సోలార్: బెస్కామ్ అనుమతి నుంచి రెండు వైపుల మీటరు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

రామమూర్తి నగర్‌లో మా బాబాయి ఇంటి డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్లాంటు పెట్టించినప్పుడు కాగితాల పని అంతా నేనే చూశాను. ఆ తర్వాత మా వీధిలోనూ చుట్టుపక్కలా ఉన్న తెలుగువాళ్లు చాలామంది నన్ను అడిగిన ప్రశ్నలనే ఇక్కడ పెడుతున్నాను. ఇదంతా బ్యాటరీ లేకుండా, బెంగళూరు విద్యుత్ పంపిణీ సంస్థ బెస్కామ్ లైనుకు కలిపి నడిపే ఇంటి ప్లాంటు గురించి, అందులోనూ పది కిలోవాట్ల లోపు వాటి గురించి.

అసలు ఈ పని ఏ వరుసలో జరుగుతుంది?

ముందు దరఖాస్తు, దానికి బెస్కామ్ అనుమతి. తర్వాత ప్యానెళ్లు, వాటి డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టర్ బిగింపు. పని పూర్తయిందని నివేదిక పెట్టాక తనిఖీ, రెండు వైపులా లెక్కించే మీటరు. అప్పుడు ప్లాంటు ప్రారంభమైనట్టు ధ్రువపత్రం, చివరగా సబ్సిడీ. కష్టాలు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. ఒకటి దరఖాస్తుకు ముందు, పేర్లు కలవక. రెండోది బిగింపు పూర్తయ్యాక మీటరు వచ్చేలోగా, ఆగలేక. అందుకే ఈ రెండింటి గురించి కింద కాస్త వివరంగా రాశాను.

దరఖాస్తు చేసే ముందు ఏం సరిచూసుకోవాలి?

పేరు. కరెంటు బిల్లు మీద, ఆధార్ మీద, ఇంటి పన్ను రసీదు మీద, బ్యాంకు పాసుపుస్తకం మీద మీ పేరు ఎలా ఉందో నాలుగూ పక్కపక్కన పెట్టి చదవండి. మనవాళ్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. బిల్లులో అది ఒక్క అక్షరంగా మిగులుతుంది. బ్యాంకులో అదే అక్షరం పేరు చివరకు పోతుంది. మా పిన్ని పేరులోని 'లక్ష్మి'ని ఆంగ్లంలో ఒక కాగితంలో ఎక్స్ అక్షరంతో రాశారు, మరో దానిలో కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాశారు. మనకు అదంతా ఒకే మనిషి. కాగితాలు సరిపోల్చే గుమస్తాకు మాత్రం ఇద్దరు.

బెస్కామ్ బిల్లు మీద ఆర్ఆర్ నంబరు, అకౌంట్ ఐడీ అని రెండు సంఖ్యలు వేర్వేరుగా ఉంటాయి. దరఖాస్తు మొత్తం ఆ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వారి పేరు మీదే నడుస్తుంది. కాబట్టి సబ్సిడీ పడే బ్యాంకు ఖాతా కూడా వారిదే అయి ఉండాలి. కనెక్షన్ తండ్రి పేరు మీద, ఖాతా కొడుకు పేరు మీద ఉంటే పని మొదట్లో సాగినట్టే కనిపించి చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంది.

ఇల్లు కొని పదేళ్లయింది, బిల్లు ఇంకా పాత యజమాని పేరు మీదే వస్తోంది. అలాగే దరఖాస్తు చేయవచ్చా?

చేయవద్దు. ముందు పేరు మార్పించుకోండి. రిజిస్టరైన విక్రయ పత్రం, ఖాతా పత్రం, తాజా పన్ను రసీదు, ఆధార్ తీసుకుని మీ సబ్‌డివిజన్ కార్యాలయానికి వెళ్లండి. అక్కడ అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉంటారు. పాత యజమాని కట్టిన డిపాజిట్టు ఎవరికి చెందుతుందన్నది కూడా ఆ పనిలోనే తేలాలి. ఆ పాత యజమాని సమ్మతి పత్రం ఇవ్వగలిగితే పని తేలిక. ఇక్కడ 'ఖాతా' అంటే ఆస్తి ఎవరిదో చెప్పే నగరపాలక పత్రం. ఊరి నుంచి కొత్తగా వచ్చినవారు దాన్ని బ్యాంకు ఖాతా అనుకుని పొరబడుతుంటారు.

బకాయిలు కూడా ముందే తీర్చేయండి. పాత యజమాని కాలం నాటి చిన్న బకాయి ఒకటి మిగిలి ఉన్నా దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు.

మా మంజూరైన లోడు మూడు కిలోవాట్లు. ఐదు కిలోవాట్ల ప్లాంటు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలకు 2024లో కేంద్రం తెచ్చిన సవరణ ప్రకారం, పది కిలోవాట్ల వరకు ఉన్న దరఖాస్తును సాంకేతిక సాధ్యత పరిశీలన లేకుండానే ఆమోదించినట్టు భావించాలి. అందుకు తగినట్టు లోడు పెంచాల్సి వస్తే పంపిణీ సంస్థే పెంచాలి. ఐదు కిలోవాట్ల వరకు ప్లాంటు కోసం లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్ బలపరచాల్సి వచ్చినా ఆ ఖర్చు సంస్థదే.

కానీ అమ్మేవారు చాలామంది చెప్పని మాట ఒకటుంది. బిల్లులో స్థిర చార్జీ మంజూరైన లోడును బట్టి, కిలోవాటుకు ఇంత అని పడుతుంది. లోడు మూడు నుంచి ఐదుకు పెరిగితే ఆ చార్జీ కూడా ఐదు కిలోవాట్లకు వస్తుంది. మీరు ఒక్క యూనిట్ కూడా వాడకపోయినా, ఎండ ఎంత కాసినా అది తగ్గదు. నెలకు మూడు వందల పైచిలుకు యూనిట్లు వాడే ఇంటికి మూడు కిలోవాట్లు చాలు. బెంగళూరు ఎండకు ఒక కిలోవాటు మీద రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయనుకోవచ్చు. మబ్బు పట్టే జూన్, జులై, ఆగస్టు నెలల్లో తగ్గుతుంది, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెరుగుతుంది.

దరఖాస్తు ఎక్కడ చేయాలి? ఏ కాగితాలు కావాలి?

సబ్సిడీ కావాలంటే pmsuryaghar.gov.in లో చేయాలి. కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పథకం అది. రాష్ట్రం, పంపిణీ సంస్థ ఎంచుకుని, బిల్లు మీది వినియోగదారు సంఖ్య, ఫోను నంబరు ఇచ్చి నమోదు కావాలి. మీ ఫోను నంబరే ఇవ్వండి. కంపెనీ కుర్రవాడు "నా నంబరు పెడతాను సార్, తొందరగా అవుతుంది" అంటే ఒప్పుకోవద్దు. ఆ తర్వాత ప్రతి మెట్టుకూ ఓటీపీ ఆ నంబరుకే వెళుతుంది. అతను ఉద్యోగం మారితే మీ దరఖాస్తును మీరే తెరవలేరు.

దగ్గర ఉంచుకోవాల్సినవి తాజా కరెంటు బిల్లు, ఆధార్, ఆస్తి పత్రం లేదా పన్ను రసీదు, డాబా ఫొటో. ఆ తర్వాత పోర్టల్‌లో నమోదైన కంపెనీని ఎంచుకుని దానితో ఒప్పందం రాసుకోవాలి. లైనుకు ఇచ్చినవీ తీసుకున్నవీ పోల్చి తేడాకే లెక్క కట్టే నెట్ మీటరింగ్ కోసం బెస్కామ్‌తో చేసుకునే ఒప్పందం దీనికి వేరు. ఇద్దరితో రెండు ఒప్పందాలు అన్నమాట. రెండింటిలోనూ కిలోవాట్ల సంఖ్య అనుమతి పత్రంలో ఉన్నట్టే ఉండాలి. బెస్కామ్ ఒప్పందంలో మరొకటి చదవండి. మీరు వాడుకోగా మిగిలి లైనులోకి పోయిన యూనిట్లకు ఇచ్చే ధర అందులోనే ఉంటుంది.

ఎలాంటి ప్యానెళ్లు పెట్టినా సబ్సిడీ వస్తుందా?

రాదు. సెల్, ప్యానెల్ రెండూ మన దేశంలో తయారైనవే కావాలి. వీటిని డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. తయారీదారు ఇచ్చే డీసీఆర్ ధ్రువపత్రంలో ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు ఉంటుంది. ప్యానెళ్లు డాబా మీదికి ఎక్కకముందే, ఆటోలోంచి దించి గోడకు ఆనించినప్పుడే, ఒక్కొక్కదాని వెనుక ఉన్న స్టిక్కరును ఫొటో తీయండి. స్టాండు మీద బిగించాక కింద పడుకుని టార్చి వేసి చదవాల్సి వస్తుంది. మా ఇంట్లో 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. వాటిలో ఒకదాని నంబరు ధ్రువపత్రంలో లేదు. గోదాములో వేరే పెట్టెలోంచి వచ్చిందట. దించినప్పుడే చూశాం కాబట్టి మర్నాడే మార్చి ఇచ్చారు.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఏం చూస్తారు?

ముందు కాగితంలో ఉన్నదే డాబా మీద ఉందా అని చూస్తారు. ప్యానెళ్ల సంఖ్య, వాట్లు, ఇన్వర్టర్ సీరియల్ నంబరు, దాని పరీక్షా పత్రాలు. ఆ తర్వాతివన్నీ భద్రతకు సంబంధించినవి.

వాటిలో ముఖ్యమైనది లైను పోగానే ఇన్వర్టర్ ఆగిపోతుందా అన్నది. వీధిలో స్తంభం మీద పని చేయడానికి లైన్‌మన్ సరఫరా ఆపి ఎక్కుతాడు. అప్పుడు మీ డాబా మీంచి కరెంటు లైనులోకి పోతూ ఉంటే అతని ప్రాణానికి ముప్పు. అందుకే లైనులో వోల్టేజీ లేనప్పుడు ఇన్వర్టర్ తనంతట తాను తెగిపోవాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం వోల్టేజీ మామూలు విలువలో 80 శాతం కంటే పడిపోయినా, 110 శాతం దాటినా రెండు సెకన్లలోపు విడిపోవాలి. తనిఖీ రోజు ఎండ బాగా ఉన్నప్పుడు మెయిన్ ఆపి చూస్తారు. ఇన్వర్టర్ తెర మీద ఉత్పత్తి వెంటనే సున్నా కావాలి. మెయిన్ వేయగానే ఉత్పత్తి మొదలవకూడదు, లైను నిలకడగా ఉందని చూసుకుని కాసేపయ్యాకే మొదలవ్వాలి. ఆ ఆలస్యం లోపం కాదు. కరెంటు పోయినప్పుడు ఈ ప్లాంటు మీ ఇంటికి వెలుగు ఇవ్వకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇంకొకటి చేతితో ఆపే ఐసోలేటర్ స్విచ్. అది తెరిచి ఉందని కంటికి కనబడాలి, తెరిచిన స్థితిలో తాళం వేయగలగాలి. మిమ్మల్ని అడగకుండానే బెస్కామ్ సిబ్బంది ఏ వేళనైనా దాన్ని చేరగలగాలి. పడకగది బాల్కనీలో పెడితే ఒప్పుకోరు. మీటరు పెట్టె పక్కన పెట్టించండి.

ఎర్తింగ్ కూడా చూస్తారు. పిడుగు వాహకానికి ఒకటి, ప్యానెళ్ల స్టాండుకూ డీసీ వైపుకూ ఒకటి, ఏసీ వైపుకు ఒకటి, మొత్తం మూడు గుంతలు వేరువేరుగా ఉండాలి. ఒక్కొక్కదాని నిరోధం ఐదు ఓమ్‌ల లోపు ఉండాలి. మూడు మూతలు పెట్టి కింద ఒకే కడ్డీకి కలిపేవారూ ఉన్నారు. గుంత తవ్వే రోజున ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండి చూడండి. పరీక్ష చేసిన పరికరంలో సంఖ్య కనబడేలా ఫొటో తీసి ఉంచండి.

బిగింపు అయిపోయింది. మీటరు వచ్చేలోగా ప్లాంటు వేసుకోవచ్చా?

వేసుకోకూడదు. అనుమతి లేకుండా లైనులోకి కరెంటు పంపడం నియమవిరుద్ధం, తనిఖీ కాని ప్లాంటు లైన్‌మన్‌కు ప్రమాదం. ఈ రెండూ కాక మీ బిల్లే పెరుగుతుంది. ఇది చాలామంది నమ్మరు కాబట్టి మా ఇంటి లెక్కే చెబుతాను.

ఇళ్లలో ఉండే మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు కరెంటు ఏ దిక్కుకు పోతున్నా వాడకంగానే లెక్కిస్తాయి. దొంగతనంగా వైర్లు తిప్పి కలిపినా రీడింగు వెనక్కు తిరగకుండా అలా తయారుచేశారు. బాబాయి ఇంట్లో రోజుకు పదకొండు యూనిట్ల వాడకం, నెలకు 330. బిగించినవారు వెళ్తూ వెళ్తూ "ఊరికే ఎండ ఎందుకు వృథా" అని ప్లాంటు వేసిపోయారు. మేము పన్నెండు రోజులు గమనించలేదు. ఆ పన్నెండు రోజుల్లో రాత్రిపూట లైను నుంచి తీసుకున్నవి దాదాపు 88 యూనిట్లు, పగలు లైనులోకి పోయినవి దాదాపు వంద. మీటరు రెండింటినీ కూడి 188 అని రాసుకుంది. మిగతా పద్దెనిమిది రోజుల వాడకం 198. బిల్లు 386 యూనిట్లకు వచ్చింది. బెస్కామ్‌కు మేమే వంద యూనిట్లు ఇచ్చి, వాటికి మేమే డబ్బు కట్టాం.

మీ ఇంట్లో అలా జరుగుతోందేమో తెలుసుకోవడం తేలిక. మిట్ట మధ్యాహ్నం ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి మీటరు ముందు నిలబడండి. ఎర్ర దీపం గబగబా మిణుకుతుంటే పైనుంచి పోతున్న కరెంటు మీ వాడకంగా లెక్కలోకి ఎక్కుతోంది. వెంటనే ఇన్వర్టర్ పక్కన ఉన్న ఏసీ ఎంసీబీ దించేయండి, తర్వాత డీసీ స్విచ్ ఆపండి. మొదట డీసీ తీగలు లాగవద్దు. ఎండలో లోడు మీద ఉన్న కనెక్టరు లాగితే నిప్పు రవ్వ సాగి చేయి కాలుతుంది.

మీటరు ఎలా వస్తుంది?

కొత్త మీటరు ఏ తయారీదారుదైనా బెస్కామ్ ఆమోదించినదై ఉండాలి, వారి మీటరు పరీక్షా విభాగంలో పరీక్ష అయి సీలు పడాలి. బజారులో కొని తెచ్చి బిగించేది కాదు. మీటరు ధర కంపెనీ చెప్పిన మొత్తంలో ఉందా లేదా అన్నది ఒప్పందం రాసుకునేటప్పుడే అడిగి రాయించుకోండి. బిగించే రోజున పాత మీటరు చివరి రీడింగు, కొత్త మీటరు మొదటి రీడింగు, సీలు నంబరు మూడింటినీ ఫొటో తీయండి. తర్వాత ఏ తగాదా వచ్చినా మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

మొదటి బిల్లును ఎలా సరిచూసుకోవాలి?

కొత్త మీటరు రెండు సంఖ్యలు చూపుతుంది. లైను నుంచి మీరు తీసుకున్నవి, లైనుకు మీరు ఇచ్చినవి. కొన్ని మీటర్ల తెర మీద మొదటిది 1.8.0 అనీ రెండోది 2.8.0 అనీ కనిపిస్తాయి. మూడో సంఖ్య ఇన్వర్టర్‌లో దొరుకుతుంది, అది మొత్తం ఉత్పత్తి.

ఒక మంచి నెలలో ఉత్పత్తి 360 అనుకుందాం. అందులో 250 లైనులోకి పోతే మిగిలిన 110 పగలు ఇంట్లోనే ఖర్చయినట్టు. ఆ నెల లైను నుంచి 220 తీసుకుంటే ఇంటి మొత్తం వాడకం 330. మీరు ఇచ్చిన 250 లోంచి తీసుకున్న 220 పోతే 30 యూనిట్లు మీకే జమ. స్థిర చార్జీ మాత్రం కట్టాలి.

మొదటి ఒకటి రెండు నెలల్లో తరచుగా జరిగే పొరపాటు ఏమిటంటే, మీటరు మారినా బిల్లింగు వ్యవస్థలో మీ కనెక్షన్ ఇంకా మామూలు ఇంటి కనెక్షన్‌గానే ఉండిపోవడం. అప్పుడు రీడింగు తీసేవారు మొదటి సంఖ్య మాత్రమే నమోదు చేస్తారు, 220 యూనిట్లకూ బిల్లు వస్తుంది. బిల్లు మీద ఎగుమతి యూనిట్ల వరుసే లేకపోతే ఇదే జరిగిందని అర్థం. ఆ బిల్లు, మీటరు తెర ఫొటోలు, ప్రారంభ ధ్రువపత్రం జతచేసి సబ్‌డివిజన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి.

మధ్యాహ్నం పూట ఇన్వర్టర్ పదే పదే ఆగిపోతోంది. ప్యానెళ్లు పాడయ్యాయా?

సాధారణంగా కాదు. 230 వోల్టులకు 110 శాతం అంటే 253. అది దాటగానే ఇన్వర్టర్ నియమం ప్రకారమే తప్పుకుంటుంది. ఎండ గట్టిగా ఉన్నప్పుడు, ఇళ్లలో వాడకం తక్కువగా ఉన్న వేళ ఇలా అవుతుంది.

కారణం మీ ఇంట్లో ఉందా, వీధిలో ఉందా అన్నది ఇలా తేల్చవచ్చు. ప్లాంటు పూర్తి జోరులో ఉండగా ఇన్వర్టర్ దగ్గర వోల్టేజీ, మీటరు దగ్గర వోల్టేజీ ఒకే సమయంలో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. ఇన్వర్టర్ దగ్గర 254, మీటరు దగ్గర 246 ఉంటే తేడా మధ్యలోని తీగదే. డాబా నుంచి కిందికి సన్న తీగ లాగారు, లేదా ఎక్కడో బిగింపు వదులుగా ఉంది. అది కంపెనీ సరిచేయాలి. రెండు చోట్లా 252, 253 ఉంటే లైనులోనే వోల్టేజీ ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సర్దాల్సింది బెస్కామ్. కొలతలు, సమయం రాసి 1912కు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. ఇన్వర్టర్ హద్దును పైకి జరిపేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. తనిఖీలో చూసిన భద్రతను తీసేయడమే అది.

సబ్సిడీ ఎంత, ఎప్పుడు వస్తుంది?

మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30,000 రూపాయలు, మూడో దానికి 18,000. మూడు కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయలే. ప్రారంభ ధ్రువపత్రం పోర్టల్‌లో వచ్చాక మీరే లోపలికి వెళ్లి బ్యాంకు వివరాలు, రద్దు చేసిన చెక్కు పెట్టాలి. ఆ తర్వాత ముప్పై రోజుల్లో పడుతుందని పథకం చెబుతోంది. ఈ చివరి మెట్టు కంపెనీ పని అనుకుని నెలల తరబడి ఎదురుచూసినవారిని చూశాను. కంపెనీకి ఇవ్వాల్సిన చివరి వాయిదాను ఈ ధ్రువపత్రానికి ముడిపెట్టి ఒప్పందంలో రాయించుకోండి. బిగింపుకు కాదు. బిగింపు రెండు రోజుల పని, వాళ్లు వదిలేసి పోయేది ఆ తర్వాతి కాగితాలనే.

ఫ్లాటులో ఉన్నాం. అద్దె ఇంట్లో ఉన్నాం. మాకు వీలవుతుందా?

అద్దె ఇంట్లో అయితే కనెక్షన్ యజమానిది కాబట్టి దరఖాస్తు ఆయనే చేయాలి. ఫ్లాటుల్లో డాబా అందరిదీ కాబట్టి సంఘం తీర్మానం చేసి, లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల ఉమ్మడి కనెక్షన్ మీద పెట్టుకోవడం సులువైన దారి. దానికి కిలోవాటుకు 18,000 రూపాయల చొప్పున సబ్సిడీ ఉంది.

అన్నీ ఇచ్చాం, నెల దాటినా కదలిక లేదు. ఏం చేయాలి?

బిగింపు పూర్తయిన ధ్రువపత్రం ఇచ్చిన నాటి నుంచి ఒప్పందం, మీటరు, ప్రారంభం అన్నీ పదిహేను రోజుల్లో ముగించాలని అదే 2024 సవరణ చెబుతోంది. కాబట్టి ఆ తేదీ ఉన్న రసీదు మీ దగ్గర ఉండాలి. ముందు పోర్టల్ తెరిచి దరఖాస్తు ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి. నేను చూసిన వాటిలో చాలాసార్లు కంపెనీ పని పూర్తయిందన్న నివేదికనే పెట్టలేదు, బెస్కామ్‌కు అసలు సంగతే తెలియదు. నివేదిక పెట్టి ఉంటే దాని ప్రతి తీసుకుని సబ్‌డివిజన్‌కు వెళ్లి, రాతపూర్వక వినతి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. అక్కడ మొదట అడిగేది ఆ ముద్ర పడిన ప్రతినే.